ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాసి వచ్చాక మళ్లీ జనరల్ ఎందుకు రాయాల్సి వచ్చిందంటే: నా అనుభవం

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి, అంట్లు తోముతూ మా ఇంట్లో ఉండే అక్క నన్నొక మాట అడిగింది. "వర్క్ పర్మిట్‌కి ఇంగ్లిష్ టెస్ట్ రిజల్ట్ పెట్టాలంట కదా, నీది రెడీగా ఉందా?"

"ఉంది అక్కా. ఐఈఎల్‌టీఎస్ 7 ఉంది కదా నాకు" అన్నాను.

"అకడమిక్కా, జనరలా?"

నా దగ్గర సమాధానం ఉంది గానీ, ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో అర్థం కాలేదు. గదిలోకి వెళ్లి ఫైల్లోంచి టెస్ట్ రిపోర్ట్ ఫారమ్ తీసి చూశాను. పైన, పేరు కంటే ముందే, 'అకడమిక్' అని అచ్చేసి ఉంది. రెండేళ్లుగా ఆ కాగితాన్ని ఎన్నిసార్లో స్కాన్ చేశాను, ఎన్నో చోట్ల అప్‌లోడ్ చేశాను. ఆ ఒక్క మాటను మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

నాది గుంటూరు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, 2023 సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి కెనడాలోని ఒంటారియోకి వచ్చాను. ఆ ఏడాది మార్చిలో ఐఈఎల్‌టీఎస్ రాశాను. లిజనింగ్ 8, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7, మొత్తం మీద 7. యూనివర్సిటీ అడిగింది మొత్తం మీద 6.5, ఏదీ 6కి తగ్గకూడదని. కాబట్టి సీటుకి ఇబ్బంది లేదు. అప్పుడు నా అప్లికేషన్ చూసిన కన్సల్టెన్సీ వాళ్లు "ఈ స్కోరు మీకు రేపు పీఆర్‌కి కూడా పనికొస్తుంది" అన్నారు. పీఆర్ అంటే ఇక్కడ శాశ్వత నివాసం. ఎవరూ అడ్డు చెప్పలేదు, నేనూ నమ్మేశాను.

ఆ రాత్రి కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల పేజీ తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివాను. 2024 నవంబర్ 1 నుంచి పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చేసేవాళ్లు ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ టెస్ట్ ఫలితం పెట్టాలి. డిగ్రీ, మాస్టర్స్, పీహెచ్‌డీ చేసినవాళ్లకి నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ 7 ఉండాలి. సీఎల్‌బీ అంటే కెనడియన్ లాంగ్వేజ్ బెంచ్‌మార్క్. ఏ టెస్ట్ రాసినా చివరికి ఆ కొలతలోకే మారుస్తారు. ఇంగ్లిష్‌లో మూడే మూడు టెస్టులు చెల్లుతాయి: ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్. పీఆర్ కోసం పాయింట్ల లెక్కన మనుషుల్ని ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోనూ ఇవే మూడు. అకడమిక్ ఆ జాబితాలో లేదు.

దానికి తోడు ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. నాది 2023 మార్చి నాటిది, నా చదువు పూర్తయ్యేది 2025 ఏప్రిల్‌కి. అంటే సరైన టెస్టే రాసి ఉన్నా అప్పటికి గడువు దాటిపోయేది. ఇది అర్థమయ్యాక కన్సల్టెన్సీ మీద కోపం కొంచెం తగ్గింది. ఎలాగూ రెండోసారి రాయాల్సిందే. అయితే ఆ సంగతి ముందే తెలిసి ఉంటే చివరి సెమిస్టర్‌లో, ప్రాజెక్ట్ మధ్యలో, ఇలా హడావిడిగా తెలుసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. నా బాధంతా అదే.

మరుసటి రోజు నుంచి ఏది రాయాలన్న ప్రశ్న మొదలైంది. మా అక్క సెల్పిప్ రాసింది. అది కెనడా వాళ్ల టెస్టే. మొత్తం కంప్యూటర్ మీద, ఒకే పూటలో, దాదాపు మూడు గంటలు. అందులో నాకు బాగా నచ్చింది స్కోరు. సెల్పిప్‌లో 9 వస్తే సీఎల్‌బీ 9 అన్నమాటే, వేరే పట్టిక చూసి మార్చుకోవాల్సిన పని లేదు. వాళ్ల ఉచిత శాంపిల్ టెస్ట్ లైబ్రరీలో కూర్చుని చేసి చూశాను. స్పీకింగ్ దగ్గర ఆగిపోయాను. ఎదురుగా మనిషి ఉండడు. తెర మీద ఒక బొమ్మ వస్తుంది, ఆలోచించుకోవడానికి కాసేపు టైమర్ నడుస్తుంది, తర్వాత మైక్‌లో నిమిషమో నిమిషంన్నరో మాట్లాడాలి. ఎదుటి మనిషి తల ఊపుతుంటే నాకు మాట సాగుతుంది. ఖాళీ తెరతో మాట్లాడితే నా వాక్యాలు ముక్కలుముక్కలైపోయాయి. అక్కకి మాత్రం సరిగ్గా అదే నచ్చింది. మనిషి ముందు కూర్చుంటే తనకి టెన్షన్ అంట. ఇది ఎవరికి వాళ్లు చేసి చూసుకుని తేల్చుకోవాల్సిందే తప్ప ఒకరు చెప్తే తెలిసేది కాదు.

పీటీఈ కోర్ కూడా కంప్యూటర్‌తోనే మాట్లాడే టెస్ట్ కాబట్టి అదీ పక్కన పెట్టాను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. పీటీఈలోనూ అకడమిక్ అని ఒకటి, కోర్ అని ఒకటి ఉన్నాయి. కెనడా పీఆర్‌కి కోర్ మాత్రమే చెల్లుతుంది. సెల్పిప్‌లోనూ జనరల్ కాక జనరల్ ఎల్‌ఎస్ అని ఇంకోటి ఉంది. అందులో వినడం, మాట్లాడడం మాత్రమే ఉంటాయి, అది పౌరసత్వం కోసం. పీఆర్‌కి అది పెడితే చెల్లదు. పేర్లు చూస్తే అక్కచెల్లెళ్లలా ఉంటాయి, పనులు మాత్రం వేరు.

నేను ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఎంచుకున్నాను. లిజనింగ్, స్పీకింగ్ రెండింట్లోనూ అకడమిక్‌కీ జనరల్‌కీ తేడా లేదు, అవే పేపర్లు. అంటే సగం నాకు తెలిసిన దారే. మారేది రీడింగ్, రైటింగ్. అందరూ "జనరల్ సులువు" అంటారు. నేనూ అదే అనుకుని ఏప్రిల్‌కి స్లాట్ బుక్ చేశాను. ఫీజు మూడు వందల డాలర్లకు పైనే. పార్ట్‌టైమ్ పని డబ్బుల్లోంచి తీసి కట్టాను కాబట్టి ఒక్కసారికే అయిపోవాలని గట్టిగా అనుకున్నాను.

ముందు రైటింగ్ సంగతి. అకడమిక్‌లో మొదటి ప్రశ్నకి ఒక గ్రాఫో, పట్టికో ఇచ్చి దాన్ని వివరించమంటారు. అక్కడ సొంత అభిప్రాయం ఒక్క ముక్క రాయకూడదు. జనరల్‌లో దాని స్థానంలో ఉత్తరం రాయాలి. అక్కడ మనమే పాత్ర అయిపోయి లేని విషయాన్ని కల్పించుకుని రాయాలి. ఒకచోట కల్పిస్తే తప్పు, ఇంకోచోట కల్పించకపోతే తప్పు. రెండో ప్రశ్నకి రెండింట్లోనూ వ్యాసమే, దానికే మార్కుల బరువు రెట్టింపు.

నేను ప్రాక్టీస్‌కి రాసిన మొదటి ఉత్తరం ఒక స్నేహితురాలికి. కొత్త ఊరికి మారాను, ఇల్లు ఎలా ఉందో చెప్పి, సెలవులకి రమ్మని పిలవాలి. నేను 'ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ టు ఇన్‌ఫామ్ యూ' అని మొదలుపెట్టి 'కైండ్లీ కన్ఫర్మ్ యువర్ అవైలబిలిటీ' అని ముగించాను. అక్క చదివి కాగితం పక్కన పెట్టింది. "అమ్మాయ్, ఇది ఫ్రెండ్‌కి రాసినట్టు లేదు. కరెంటాఫీసులో అర్జీ పెట్టినట్టుంది."

వ్యాకరణం తప్పు లేదు, మాటలూ పెద్దవే. కానీ ఉత్తరంలో చూసేది ముందు అదే. ఎవరికి రాస్తున్నావో ఆ మనిషితో మాట్లాడే తీరు ఉందా లేదా అని. స్నేహితురాలికి ఒక తీరు, పేరు తెలిసిన ఇంటి ఓనర్‌కి ఒక తీరు, పేరు తెలియని మేనేజర్‌కి ఇంకో తీరు. తెలుగులో మనకి ఇది చెప్పక్కర్లేదు. పక్కింటి పిన్నితో మాట్లాడినట్టు తహసీల్దారుతో మాట్లాడం. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి మన స్కూళ్లలో లీవ్ లెటర్ ఒక్కటే నేర్పారు, అందుకే ప్రతి ఉత్తరమూ లీవ్ లెటర్ అయి కూర్చుంటుంది.

ఇంకో పొరపాటు కూడా నాకు అలవాటుగా ఉండేది. ప్రశ్న కింద మూడు చుక్కలు పెట్టి మూడు విషయాలు అడుగుతారు. మొదటి రెండిటి మీద వంద మాటలు ఖర్చుపెట్టి మూడోది ఒక్క వాక్యంలో చుట్టేసేదాన్ని. ఇరవై నిమిషాల్లో 150 మాటలు కాబట్టి లెక్క సరిపోయినట్టే కనిపించేది. కానీ మూడో విషయం పూర్తిగా రాయకపోతే అడిగిన పని చేయనట్టే లెక్క, ఎంత చక్కగా రాసినా అక్కడ కోత పడుతుంది. దానికి నేను చేసుకున్న ఏర్పాటు చిన్నది: రాయడం మొదలుపెట్టే ముందు ఒక్కో చుక్కకి రెండు వాక్యాల్లో ఏం చెప్పాలో పక్కన గీసుకోవడం. రెండు నిమిషాలు పడుతుంది. పరీక్షలో రైటింగ్ 6.5 నుంచి 7కి పెరగడానికి అదొక కారణమని నా నమ్మకం.

ఉత్తరం మీద అంత శ్రద్ధ పెట్టిన నేను రీడింగ్ దగ్గర మోసపోయాను.

జనరల్ రీడింగ్‌లో మొదటి భాగంలో చిన్న చిన్న నోటీసులు, ప్రకటనలు ఉంటాయి. రెండో భాగంలో ఉద్యోగానికి సంబంధించినవి, సెలవుల నియమాలు, భద్రతా సూచనలు లాంటివి. మూడో భాగంలో ఒక్క పెద్ద వ్యాసం. అకడమిక్‌లో మూడు పెద్ద వ్యాసాలతో కుస్తీ పట్టిన నాకు ఇది అరటిపండు ఒలిచి నోట్లో పెట్టినట్టే అనిపించింది. ప్రాక్టీస్ టెస్టుల్లో నలభైకి 31, 33, 32 వచ్చాయి. ఎన్ని జవాబులు కరెక్టయితే ఎంత స్కోరు, అంటే ఏ బ్యాండ్ వస్తుందో చూపే పట్టిక నా దగ్గర రెండేళ్ల కిందటి నోట్సులో ఉంది. 32 అంటే 7. అంతే, పుస్తకం మూసేసి రైటింగ్‌లో పడ్డాను.

ఆ పట్టిక అకడమిక్‌ది. పేపర్ తేలికగా ఉంటుంది కాబట్టి జనరల్‌లో అదే బ్యాండ్‌కి ఎక్కువ జవాబులు సరిగ్గా రాయాలి. అకడమిక్‌లో సుమారు 30 కరెక్టయితే 7 వస్తుంది. జనరల్‌లో 7 రావాలంటే సుమారు 34 కావాలి, 30కి వచ్చేది 6 మాత్రమే. పేపర్‌ని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుందేమో గానీ తేడా మాత్రం ఇంతే ఉంటుంది. సులువైన పేపర్ అంటే తప్పులు చేసినా చెల్లే వీలు తక్కువని అర్థం. నేను దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నాను.

ఏప్రిల్‌లో రాసిన పరీక్షకి వారం తిరగకుండానే ఫలితం వచ్చింది. లిజనింగ్ 8, రీడింగ్ 6.5, రైటింగ్ 7, స్పీకింగ్ 7. మొత్తం మీద 7.

చూడండి, 2023లోనూ మొత్తం 7, ఇప్పుడూ 7. యూనివర్సిటీ అయితే రెండిటినీ ఒకేలా చూసేది. ఇమిగ్రేషన్ వాళ్లు మాత్రం ఆ మొత్తం బ్యాండ్ వైపు చూడరు. నాలుగింటినీ విడివిడిగా తీసుకుని ఒక్కోదాన్ని సీఎల్‌బీలోకి మారుస్తారు. వర్క్ పర్మిట్‌కి కావాల్సిన సీఎల్‌బీ 7 అంటే జనరల్‌లో నాలుగింట్లోనూ 6. అది నాకు దాటిపోయింది. మే నెలలో కోర్సు పూర్తయినట్టు లెటర్ రాగానే, దానితో పాటు ఈ ఫలితం జతచేసి వర్క్ పర్మిట్‌కి పెట్టేశాను. స్టడీ పర్మిట్ గడువు ఇంకా ఉండగానే పెట్టడం వల్ల నిర్ణయం వచ్చేదాకా ఫుల్‌టైమ్ పనిచేసుకునే వీలు కూడా దొరికింది. ఆ గండం అక్కడితో గడిచింది.

పీఆర్ లెక్క వేరు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు గట్టిగా పెరిగేది సీఎల్‌బీ 9 దగ్గర. దానికి లిజనింగ్ 8, మిగతా మూడూ 7 చొప్పున ఉండాలి. నాకు రీడింగ్ ఒక్కటే అర బ్యాండ్ తక్కువై సీఎల్‌బీ 8 దగ్గర ఆగింది. అర బ్యాండే కదా, ఏముందిలే అనుకుని పెన్ను పట్టుకుని లెక్క వేశాను. నేను ఒంటరిగా అప్లై చేస్తున్నాను కాబట్టి ఒక్కో విభాగానికి సీఎల్‌బీ 9 అయితే 31, సీఎల్‌బీ 8 అయితే 23. అక్కడ పోయింది 8 పాయింట్లే. కానీ చదువునీ భాషనీ కలిపి ఇచ్చే పాయింట్లు వేరే ఉన్నాయి. మాస్టర్స్ ఉన్నవాళ్లకి నాలుగింట్లోనూ సీఎల్‌బీ 9 ఉంటే 50. ఒక్కటి తగ్గినా 25. అలాగే బయటి దేశంలో చేసిన ఉద్యోగానికి, నాకున్న రెండేళ్లకి, నాలుగింట్లోనూ 9 ఉంటే 25, లేకపోతే 13. మొత్తం కలిపితే 8, 25, 12. నలభై అయిదు పాయింట్లు.

ప్రాక్టీస్‌లో నాకు వచ్చే 32కి ఇంకో రెండు జవాబులు కలిస్తే దాదాపు 7 అందేది. ఆ రెండు జవాబుల ఖరీదు 45 పాయింట్లు. ఆ రోజు ఆ అంకె కాగితం మీద రాసి దాని చుట్టూ గీత గీశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

అసలు ఫలితంలో ఎన్ని జవాబులు తప్పయ్యాయో చెప్పరు, బ్యాండ్ మాత్రమే ఇస్తారు. అందుకే పాత ప్రాక్టీస్ పేపర్లన్నీ తీసి నా తప్పులు ఎక్కడున్నాయో వెతికాను. కష్టమనుకున్న మూడో భాగంలో తప్పులు తక్కువే. ఎక్కువగా పోయినవి మొదటి రెండు భాగాల్లోనే. ఉదాహరణకి అయిదారు క్లాసుల ప్రకటనలు ఇచ్చి, పని ముగించుకుని సాయంత్రం రాగలిగేవాళ్లకి ఏది సరిపోతుందని అడుగుతారు. నేను 'ఈవెనింగ్' అన్న మాట కోసం కళ్లతో గాలించి, అది కనిపించిన ప్రకటనకి టిక్కు పెట్టేదాన్ని. కింద చిన్న వాక్యంలో సాయంత్రం క్లాసు వేసవిలో ఉండదని ఉండేది. సరైన జవాబున్న ప్రకటనలో 'ఈవెనింగ్' అన్న మాటే ఉండేది కాదు, ఆరు నుంచి ఎనిమిది అని గంటలు రాసి ఉండేవి. ఇంకో రెండు మూడు చోట్ల రెండు మాటలకి మించకూడదన్న దగ్గర మూడు మాటలు రాసి పోగొట్టుకున్నాను. జవాబు తెలిసి కూడా.

సులువు అన్న తొందరలో మొదటి భాగాన్ని పది నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయమంతా మూడో భాగానికి దాచిపెట్టేదాన్ని. ఆ పద్ధతి మార్చాను. మొదటి భాగానికి పదిహేడు పద్దెనిమిది నిమిషాలు ఇచ్చి, టిక్కు పెట్టే ముందు ఆ ప్రకటనని చివరి పంక్తి దాకా చదవడం అలవాటు చేసుకున్నాను. మూడు వారాల్లో 32లు 35, 36 అయ్యాయి. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.

జూన్‌లో మళ్లీ జనరలే రాశాను. మధ్యలో సెల్పిప్‌కి మారదామా అని ఒకరోజు ఊగిసలాడాను. కానీ నాకు తక్కువైంది ఒక్క రీడింగ్, దాని జబ్బేంటో తెలిసిపోయింది. ఇప్పుడు టెస్ట్ మారిస్తే బాగున్న మూడింటినీ కొత్త పద్ధతిలో మళ్లీ తెచ్చుకోవాలి. స్పీకింగ్‌లో పదే పదే ఆగిపోతున్నవాళ్లయితే మారడమే మంచిదేమో, నా పరిస్థితి అది కాదు. ఈసారి లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 7, స్పీకింగ్ 7. నాలుగూ సీఎల్‌బీ 9 గీత దాటాయి. అదే వారం ప్రొఫైల్ వేశాను. ఈ ఫలితానికీ రెండేళ్ల గడువే కాబట్టి, 2027 జూన్ అని తేదీ క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. ప్రొఫైల్ వేసినప్పుడే కాదు, పిలుపు వచ్చాక పీఆర్‌కి అప్లై చేసే రోజుకి కూడా అది చెల్లుబాటులో ఉండాలి.

మొన్న విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వచ్చే ఏడాది ఇక్కడికే మాస్టర్స్‌కి రావాలని వాడి ఆలోచన.

"అక్కా, జనరల్ సులువంట కదా. ఎలాగూ పీఆర్‌కి అదే కావాలంటున్నావు. అదే రాసేస్తే రెండిటికీ పనికొస్తుందేమో?"

"నీ స్కోరు ముందు ఎవరు చూస్తార్రా?"

"యూనివర్సిటీ వాళ్లు."

"వాళ్ల పేజీలో ఏ టెస్ట్ అడిగారు?"

కాసేపు అటువైపు టైపు చేస్తున్న చప్పుడు. "అకడమిక్ అనే ఉంది. టోఫెల్ అయినా పర్లేదంట. జనరల్ చెల్లదని కూడా రాశారు."

"మరి అదే రాయి. జనరల్ ఇక్కడికొచ్చాక, చదువు చివర్లో రాద్దువుగాని. ఇప్పుడు రాసినా నీ కోర్సు అయ్యేసరికి రెండేళ్లు దాటిపోతాయి. రెండో ఫీజు ఎలాగూ తప్పదు, ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెట్టుకో."

ఆ సాయంత్రం బుకింగ్ పేజీ ఫొటో పంపించాడు. తేదీ, సెంటర్, పేరు అన్నీ నింపి డబ్బు కట్టే ముందు ఆగాడు. నేను పేరు, పాస్‌పోర్ట్ నంబరు తర్వాత చూడొచ్చులే అని ముందు పై వరుస పెద్దది చేసి చూశాను. అకడమిక్ అనే ఉంది. "కట్టేయ్" అని మెసేజ్ పెట్టాను.